10 శాతం శాంపిల్ కాదు, రెండు రిస్కులు: లాట్‌కి ఎన్ని తీయాలి, ఎన్ని వరకు ఒప్పుకోవాలి

ప్రశ్న: మాది ప్లాస్టిక్ మూతలు కొని సీసాలకు బిగించే యూనిట్. లాట్‌కి 2,000 మూతలు వస్తాయి. 10 శాతం, అంటే 200 తీసి చూస్తాం. ఒక్కటి చెడ్డది దొరికినా లాట్ వెనక్కి పంపేస్తాం. సప్లయరేమో 1 శాతం వరకు తేడా మామూలే, మంచి లాట్లు కూడా వెనక్కి పంపుతున్నారు అని గొడవ చేస్తున్నాడు. మా ప్రొడక్షన్ వాళ్లేమో 5 శాతం చెడ్డవి వస్తే లైన్ నడవదు అంటున్నారు. అసలు ఎన్ని తీయాలి? ఎన్ని చెడ్డవి దొరికే వరకు ఒప్పుకోవచ్చు? దీనికి లెక్క ఏమైనా ఉందా?

సమాధానం:

ఉందండి. మీరు ఇచ్చిన రెండు అంకెలు పెట్టుకుంటే 132 తీయండి, 3 వరకు ఒప్పుకోండి, 4 దొరికితే వెనక్కి పంపండి. ఈ గొడవలో సప్లయర్ మాటే నిజం. ఇప్పుడున్న పద్ధతిలో ఆయన నిజంగా 1 శాతం చెడ్డవి ఉన్న లాట్లు పంపితే, నూటికి 88 లాట్లు మీ గేటు దగ్గరే ఆగిపోతాయి.

ఆ 88 ఎక్కడిదంటే, 2,000లో 1 శాతం అంటే 20 చెడ్డ మూతలు. మీరు తీసే 200 లాట్‌లో పదో వంతు. ఒక్కో చెడ్డ మూత మీ చేతికి చిక్కకుండా తప్పించుకునే అవకాశం పదికి తొమ్మిది. మరి లాట్ పాసవ్వాలంటే 20కి 20 మూతలూ తప్పించుకోవాలి. 0.9ని 20 సార్లు గుణిస్తే 0.12 వస్తుంది. అంటే నూటికి 12 లాట్లే పాసవుతాయి. చూడ్డానికి ఇది "కొంచెం స్ట్రిక్ట్" పద్ధతిలా అనిపిస్తుంది గానీ, సప్లయర్‌కి మీరు చెప్పిన ప్రమాణం ఒకటి, గేటు దగ్గర అమలు చేస్తున్నది ఇంకొకటి. ఈ పద్ధతిలో 1.1 శాతం చెడ్డవి ఉన్న లాట్‌నే మీరు నూటికి 90 సార్లు ఆపేస్తున్నారు. ప్రొడక్షన్ వాళ్లు అడిగింది 5 శాతాన్ని ఆపమని.

ఇక లెక్కలోకి వద్దాం. శాంపిల్ ప్లాన్ అంటే రెండే అంకెలు. ఎన్ని తీయాలి అనేది n, ఎన్ని చెడ్డవాటి వరకు ఒప్పుకోవాలి అనేది c. ఈ రెండూ తేలాలంటే ముందు మీ దగ్గర నాలుగు సంగతులు తేలాలి.

మొదటిది, మీరు "మంచి లాట్" అని ఒప్పుకునే స్థాయి. మీ విషయంలో అది 1 శాతం. దీన్ని ఏక్యూఎల్ అంటారు. రెండోది, అలాంటి మంచి లాట్ కూడా శాంపిల్ దురదృష్టం వల్ల వెనక్కి పోయే అవకాశం. ఇది సప్లయర్ మీద పడే దెబ్బ కాబట్టి ఉత్పత్తిదారు రిస్కు అంటారు. వాడుకలో 5 శాతం పెట్టుకుంటారు. మూడోది, ఏ మాత్రం లోపలికి రాకూడదు అనుకునే స్థాయి, మీకు 5 శాతం. నాలుగోది, అంత చెడ్డ లాట్ కూడా శాంపిల్‌లో బాగానే కనిపించి పాసైపోయే అవకాశం. ఇది కొనేవాడి రిస్కు, వాడుకలో 10 శాతం.

5, 10 అనే అంకెలు శాస్త్రం కాదు, ఆనవాయితీ. మీ వ్యాపారానికి 10 ఎక్కువ అనిపిస్తే 5 పెట్టుకోండి. శాంపిల్ పెరుగుతుంది, అంతే. కానీ ఈ నాలుగూ కాగితం మీద పెట్టకుండా "ఎన్ని తీయాలి" అని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేరు. చెప్పారంటే వాళ్ల మనసులో ఏవో నాలుగు అంకెలు పెట్టుకుని చెప్పినట్టే.

### లెక్క ఇలా కట్టండి

పుస్తకాల్లో n, c రెండూ ఒకేసారి తేల్చే పట్టికలూ గ్రాఫులూ ఉంటాయి. చేత్తో నేర్చుకోవడానికి మాత్రం నాకు నచ్చే దారి ఇది: ముందు కొనేవాడి రిస్కుని బిగించండి, తర్వాత c ఒక్కొక్కటే పెంచుకుంటూ సప్లయర్ రిస్కు ఎక్కడ దారికి వస్తుందో చూడండి.

c = 0తో మొదలుపెడదాం. 5 శాతం చెడ్డ లాట్‌లో ఒక్కో మూత బాగుండే అవకాశం 0.95. n మూతలూ బాగుండే అవకాశం 0.95ని n సార్లు గుణించినంత. అది 0.10 కంటే కిందికి ఎప్పుడు దిగుతుంది? 44 దగ్గర 0.105, 45 దగ్గర 0.099. కాబట్టి 45 తీసి ఒక్కటీ చెడ్డది లేకపోతే ఒప్పుకోవడం ఒక ప్లాన్. ప్రొడక్షన్ వాళ్లు అడిగింది దీనితోనే తీరిపోయింది. ఇప్పుడు సప్లయర్ వైపు నుంచి చూడండి. 1 శాతం లాట్ పాసవ్వాలంటే 0.99ని 45 సార్లు గుణించాలి, 0.64 వస్తుంది. మంచి లాట్లలో నూటికి 36 వెనక్కి పోతాయి. ఇది ఎవరూ ఒప్పుకోరు.

c = 1కి వెళ్లండి. 5 శాతం లాట్ పాసయ్యే అవకాశం 10 శాతం లోపు ఉండాలంటే ఇప్పుడు 77 తీయాలి. ఇలాగే 2కి, 3కి కడితే ఇదీ వరస:

| ఒప్పుకునే సంఖ్య c | తీయాల్సిన సంఖ్య n | 1% లాట్ వెనక్కి పోయే అవకాశం |
|---|---|---|
| 0 | 45 | 36% |
| 1 | 77 | 18% |
| 2 | 105 | 9% |
| 3 | 132 | 4.4% |

నాలుగు వరసల్లోనూ 5 శాతం లాట్ లోపలికి వచ్చే అవకాశం ఒకటే, 10 శాతానికి కాస్త లోపు. అంటే మీ రక్షణ ఎక్కడా తగ్గలేదు. c పెరిగితే "మరీ వదులైపోయాం" అని మేనేజర్లు టెన్షన్ పడతారు. ఈ పట్టిక వాళ్ల ముందు పెట్టండి. c = 0 నుంచి c = 3కి వెళ్తే మారేది సప్లయర్ మీద పడే అన్యాయం, మీ ఇన్‌స్పెక్టర్ మీద పడే పని. ఈ రెండింటి మధ్యే బేరం. 3 దగ్గర సప్లయర్ రిస్కు 5 శాతం లోపుకి వచ్చింది కాబట్టి అక్కడ ఆగాం.

మీరే చూసుకోవాలంటే ఎక్సెల్‌లో ఈ రెండు వరసలు చాలు:

```
=1-BINOM.DIST(3,132,0.01,TRUE)
=BINOM.DIST(3,132,0.05,TRUE)
```

మొదటిది సప్లయర్ రిస్కు, సుమారు 0.044 వస్తుంది. రెండోది మీ రిస్కు, సుమారు 0.099. 3, 132 అన్న చోట మీ c, n పెట్టుకుని మార్చి చూడండి. అరగంట ఆడుకుంటే ఏ పుస్తకమూ అక్కర్లేదు.

రెండు స్థాయులు ఒకదానికొకటి ఎంత దూరంలో ఉన్నాయన్నదే శాంపిల్ సైజుని నిర్ణయిస్తుంది. మీకు 1, 5 కాబట్టి అయిదు రెట్ల తేడా ఉంది, 132తో పని అయిపోయింది. అదే మీ ప్రొడక్షన్ హెడ్ వచ్చి "5 కాదు, 2 శాతం లాట్‌ని కూడా ఆపాలి, 1 శాతం లాట్‌ని మాత్రం వదలాలి" అంటే లాట్ చాలా పెద్దదైతే సుమారు 1,240 మూతలు తీయాలి, 18 వరకు ఒప్పుకోవాలి. 2,000 లాట్‌లో కూడా మూడో వంతుకి పైనే తీయాల్సి వస్తుంది. అప్పుడిక శాంపిల్ అనే మాటకి పెద్దగా అర్థం లేదు. మంచికీ చెడుకీ మధ్య గీత సన్నగా ఉండాలని అడిగేవాళ్లకి ఈ అంకె చూపిస్తే సాధారణంగా వాదన అక్కడితో ఆగుతుంది.

### 10 శాతం ఎందుకు వద్దంటున్నాను

లాట్‌లో ఇంత శాతం తీయాలనే అలవాటు చాలా చోట్ల చూశాను. వినడానికి న్యాయంగా ఉంటుంది. పెద్ద లాట్‌కి పెద్ద శాంపిల్, చిన్న లాట్‌కి చిన్న శాంపిల్. ఫలితం మాత్రం తలకిందులు. 4 శాతం చెడ్డవి ఉన్న లాట్లే తీసుకుందాం, ఒక్కటి దొరికినా వెనక్కి అన్న మీ రూల్‌తోనే. లాట్ 50 అయితే 5 తీస్తారు. ఆ 50లో ఉన్న 2 చెడ్డవీ తప్పించుకుని లాట్ పాసయ్యే అవకాశం 81 శాతం. లాట్ 1,000 అయితే 100 తీస్తారు. పాసయ్యే అవకాశం 2 శాతం లోపే. సరుకు నాణ్యత ఒకటే. ఒక సప్లయర్ తన సరుకుని చిన్న చిన్న లాట్లుగా విడగొట్టి పంపితే చాలు, దాదాపు అంతా లోపలికి వచ్చేస్తుంది. తెలివైన సప్లయర్‌కి ఇది త్వరగానే అర్థమవుతుంది.

శాంపిల్ ఎంత సమాచారం ఇస్తుందన్నది దాని సంఖ్య మీద ఆధారపడుతుంది, లాట్‌లో అది ఎంత వంతు అన్నదాని మీద దాదాపుగా కాదు. మన 132/3 ప్లాన్‌నే చూడండి. లాట్ లక్ష అయినా 5 శాతం చెడ్డది పాసయ్యే అవకాశం 10 శాతం దగ్గరే. లాట్ 1,000కి తగ్గితే అది 8–9 శాతం మధ్యకి వస్తుంది, అంతే తేడా. మీ 2,000కి కచ్చితంగా కావాలంటే ఇదిగో:

```
=HYPGEOM.DIST(3,132,100,2000,TRUE)
```

100 అంటే 2,000లో 5 శాతం. పైన నేనిచ్చిన అంకెలు లాట్ చాలా పెద్దది అనుకుని కట్టినవి కాబట్టి మీ నిజమైన రిస్కులు రెండూ వాటికంటే కాస్త తక్కువే ఉంటాయి. శాంపిల్ లాట్‌లో పదో వంతు దాటేదాకా ఈ తేడా గురించి నేను పట్టించుకోను.

### మధ్యలో ఉన్న లాట్ల సంగతి

1 శాతం, 5 శాతం రెండు చివరలు. నిజంగా వచ్చే సరుకులో ఇబ్బంది పెట్టేది వాటి మధ్యలోది. 132/3 ప్లాన్‌లో 2 శాతం లాట్ నూటికి 73 సార్లు పాసవుతుంది, 3 శాతం లాట్ 44 సార్లు, 4 శాతం లాట్ 22 సార్లు. దీన్ని గీసి చూస్తే వచ్చే వంకర గీతనే ఓసీ కర్వ్ అంటారు. ఎంత తెలివిగా n, c ఎంచుకున్నా ఈ మధ్య పట్టీలో నాణెం ఎగరేసినట్టే ఉంటుంది. పాస్, ఫెయిల్ సమానంగా ఉండే చోటు తెలుసుకోవడానికి ఒక చిట్కా ఉంది. c కి 0.67 కలిపి n తో భాగించండి. 3.67ని 132తో భాగిస్తే సుమారు 2.8 శాతం.

ఆ 2.8 మీకు ఎక్కడ పడాలో ఖర్చు లెక్క చెబుతుంది. ఒక మూత చూడ్డానికి అయ్యే ఖర్చు 1 అనుకుంటే, చెడ్డ మూత లైన్‌లోకి వెళ్లి సీసా కారడం, లైన్ ఆగడం అన్నీ కలిపి 40 అనుకోండి. 1ని 40తో భాగిస్తే 2.5 శాతం. అంతకంటే తక్కువ చెడ్డవి ఉన్న లాట్‌ని చూడకుండా వదిలేసినా నష్టం లేదు, అంతకంటే ఎక్కువ ఉంటే మొత్తం ఏరుకున్నా గిట్టుబాటే. అందుకని సమాన స్థానం ఈ అంకెకి దగ్గర్లో ఉంటే ప్లాన్ మీ జేబుకి సరిపోయినట్టు. మీ 1, 5 అంకెలు సప్లయర్, ప్రొడక్షన్ వాళ్ల నోటి మాటలు కదా, అవి నిజమో కాదో చూసుకోవడానికి ఈ లెక్క వాడండి. ఖర్చు నిష్పత్తి 40 కాక 400 అయితే 5 శాతం అన్న అంకె తప్పని తేలిపోతుంది.

### β అంటే ఏమిటో చాలామంది తప్పుగా చదువుతారు

కొనేవాడి రిస్కుని లెక్కల్లో β అని రాస్తారు. "β 10 శాతం" అంటే మీరు ఒప్పుకున్న లాట్లలో పదింట ఒకటి చెడ్డది అని కాదు. చెడ్డ లాట్ వస్తే అది జారిపోయే అవకాశం 10 శాతం. అసలు ఎన్ని చెడ్డ లాట్లు వస్తాయన్నది సప్లయర్ చేతిలో ఉంది.

వంద లాట్లు వచ్చాయనుకోండి. 98 మంచివి, 1 శాతం స్థాయిలో ఉన్నవి. 2 చెడ్డవి, 5 శాతం స్థాయిలో ఉన్నవి. సగటున చూస్తే చెడ్డ వాటిలో 0.2 లాట్ మాత్రమే లోపలికి వస్తుంది, 1.8 ఆగుతాయి. మంచి వాటిలో 4.3 లాట్లు వెనక్కి పోతాయి. మొత్తం ఆగినవి ఆరు, అందులో నాలుగుకి పైగా మంచివే! సప్లయర్ బాగా పనిచేస్తున్నప్పుడు మీరు ఆపిన లాట్లలో ఎక్కువ భాగం అనవసరంగా ఆగినవే అవుతాయి. ఇది ప్లాన్ లోపం కాదు, అరుదైన దాన్ని వెతికే ఏ పరీక్షకైనా ఇంతే. అందుకే ఫెయిలైన లాట్‌ని గుడ్డిగా వెనక్కి పంపకుండా, ఎవరి ఖర్చుతో పూర్తిగా ఏరించాలో ముందే సప్లయర్‌తో రాసుకోవడం మేలు. ఏరాక లాట్‌లో నిజంగా ఎన్ని చెడ్డవి ఉన్నాయో ఇద్దరికీ కళ్ల ముందు కనిపిస్తుంది, గొడవ సగం తగ్గుతుంది.

"ఫెయిలైంది కదా, ఇంకో 132 తీసి చూద్దాం" అని మాత్రం చేయకండి. చెడ్డ లాట్‌కి మీరు రెండో అవకాశం ఇచ్చారంటే మీ 10 శాతం రిస్కు 19 అవుతుంది. మూడోసారి తీస్తే 27. పైగా పాసైన లాట్‌కి ఎవరూ రెండోసారి తీయమని అడగరు, కాబట్టి తప్పు ఎప్పుడూ ఒకే వైపు జరుగుతుంది. రెండుసార్లు తీయాలంటే దానికి డబుల్ శాంప్లింగ్ అని వేరే ప్లాన్ ఉంది. అందులో రెండో శాంపిల్ ఎప్పుడు, ఎంత, రెండూ కలిపి ఎన్ని వరకు అన్నది ముందే రాసి ఉంటుంది. లాట్ ఫెయిలైందని అప్పటికప్పుడు కనిపెట్టేది కాదు.

### లెక్క సరిగ్గా ఉన్నా ప్లాన్ చెడిపోయే చోట్లు

పైన కట్టినదంతా ఒక షరతు మీద నిలబడింది. లాట్‌లోని ప్రతి మూతకీ శాంపిల్‌లోకి వచ్చే అవకాశం సమానంగా ఉండాలి. మీ మూతలు అచ్చులోంచి వస్తాయి. ఎనిమిది గుంతలు ఉన్న అచ్చులో ఒక గుంత అరిగిపోయి మర చెడ్డగా వస్తోందంటే, ఆ అచ్చు సరుకులో 12.5 శాతం చెడ్డది. మూతలు గుంతలన్నీ కలిసిపోయి సంచిలో పడితే మీ శాంపిల్ దాన్ని తప్పకుండా పట్టుకుంటుంది. కానీ అచ్చు మధ్యాహ్నం అరిగింది, ఉదయం సరుకు పై నాలుగు అట్టపెట్టెల్లో ఉంది, ఇన్‌స్పెక్టర్ చేతికి అందిన ఆ నాలుగింటిలోంచే 132 తీశాడు. అప్పుడు లెక్కలో ఏ రిస్కూ వర్తించదు.

నేను పనిచేసిన ఒక చోట ఇలాంటి సరుకే వచ్చేది. శాంపిల్ రికార్డు అంతా శుభ్రంగా సున్నాలు, లైన్‌లో మాత్రం రోజూ ఫిర్యాదు. గోడౌన్‌లోకి వెళ్లి చూస్తే, టేపు కోసి మళ్లీ అతికించిన పెట్టెలన్నీ ప్యాలెట్‌లో పై వరసవే. కింది వరసల టేపు ఒక్కటీ కోయలేదు. అప్పటి నుంచి నా పద్ధతి ఒకటే. పెట్టెలకి నంబర్లు వేస్తాం. ఏ పెట్టెలు తెరవాలో ఎక్సెల్‌లో `RANDBETWEEN` తో ముందే తీసి కాగితం మీద రాసిస్తాం. ఒక్కో పెట్టెలో పైనుంచి కొన్ని, చేయి లోపలికి పెట్టి మధ్యలోంచి కొన్ని, అడుగు నుంచి కొన్ని తీయాలి. మీ లాట్ 20 పెట్టెల్లో వస్తే అన్నింటినీ తెరిచి ఆరేడు చొప్పున తీయడమే సుఖం. రెండు అచ్చులవి, రెండు షిఫ్టులవి కలిపి ఒక లాట్ అని పంపితే వేరు చేసి పంపమని అడగండి. లేకపోతే మంచి సగం చెడ్డ సగాన్ని దాచేస్తుంది.

రెండోది, చూసే కన్ను. ఇన్‌స్పెక్టర్ అయిదు చెడ్డవాటిలో ఒకటి గమనించకుండా వదిలేస్తున్నాడనుకోండి. రోజంతా మూతల మర చూసేవాళ్లకి ఇది పెద్ద ఆశ్చర్యం కాదు. అప్పుడు 5 శాతం లాట్ అతని కంటికి 4 శాతం లాట్. పైన చూశాం కదా, 4 శాతం లాట్ పాసయ్యే అవకాశం 22. మీ రిస్కు 10 అని కాగితం మీద ఉంది, నేల మీద 22. ఇది తెలుసుకోవడం కష్టం కాదు. గుర్తు పెట్టిన 20 చెడ్డ మూతలని మంచి వాటిలో కలిపి, చెప్పకుండా అతని బల్ల మీదికి పంపండి. ఎన్ని పట్టుకున్నాడో లెక్కపెట్టండి. ఎక్కువ వదిలేస్తుంటే n పెంచడం కంటే చూసే పద్ధతి మార్చడం చవక. మూత మర సరిగ్గా ఉందో లేదో కంటితో కాకుండా గేజ్ బిగించి చూడ్డం లాంటిది.

ఇక శాంపిల్ సంఖ్యలు రెడీగా ఇచ్చే అంతర్జాతీయ ప్రమాణ పట్టికల సంగతి. ఎవరో ఒకరు కింద కామెంట్లలో "ఐఎస్‌ఓ 2859-1 చూసుకోవచ్చుగా" అంటారు, కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను. చూడొచ్చు. 1,201 నుంచి 3,200 వరకు లాట్‌కి జనరల్ లెవెల్ 2లో కోడ్ అక్షరం K వస్తుంది. ఏక్యూఎల్ 1.0 దగ్గర 125 తీసి 3 వరకు ఒప్పుకోమంటుంది. మన లెక్కకి దాదాపు అదే, 5 శాతం లాట్ పాసయ్యే అవకాశం 12 శాతం. కానీ అదే పట్టికలో లాట్ 400 అయితే 50 తీసి 1 వరకు ఒప్పుకోమంటుంది. అక్కడ 5 శాతం లాట్ పాసయ్యే అవకాశం 28! ఏక్యూఎల్ మారలేదు, మీ రక్షణ మారిపోయింది. ఆ పట్టికలు ప్రధానంగా ఏక్యూఎల్ చుట్టూ, అంటే మంచి లాట్ పాసయ్యేలా కట్టినవి. మీ వైపు రక్షణ చాలావరకు స్విచింగ్ రూల్స్ నుంచి వస్తుంది. వరసగా వచ్చిన అయిదు లాట్లలో రెండు ఫెయిలైతే ఇంకా కఠినమైన తనిఖీ అయిన టైటెన్డ్‌కి మారాలి, టైటెన్డ్‌లో వరసగా అయిదు పాసైతే మళ్లీ నార్మల్‌కి రావాలి. నార్మల్ పట్టిక వాడి స్విచింగ్ వదిలేసేవాళ్లే ఎక్కువ. వాళ్లకి ఆ స్టాండర్డ్ ఇస్తానన్న రక్షణ దక్కదు. సప్లయర్ నుంచి ఎప్పుడో ఒక లాట్ మాత్రమే వస్తే స్విచింగ్‌కి తావే లేదు. దానికి 2859-2 ఉంది, లేదా మనం పైన చేసినట్టు సొంతంగా రెండు రిస్కులతో కట్టుకోవాలి.

ఒక్క పరిమితి మాత్రం మర్చిపోకండి. ఈ పద్ధతి మర చెడిపోవడం, అంచు మందంగా రావడం లాంటి వాటికి. మూత ముక్క విరిగి సీసాలో పడే లాంటి ప్రమాదకరమైన లోపానికి ఇది పనికిరాదు. అలాంటిది 0.1 శాతం ఉన్నా ఆపాలి అనుకోండి. 2,000 లాట్‌లో అంటే 2 మూతలు. c = 0 పెట్టుకుని, కొనేవాడి రిస్కు అదే 10 శాతం అనుకున్నా 1,368 మూతలు చూడాలి. అంత చూసేకంటే మొత్తం చూసే యంత్రం పెట్టుకోవడమో, సప్లయర్ అచ్చు దగ్గరే ఆ లోపం పుట్టకుండా చూడ్డమో చేయాలి. లోపాలని రెండు మూడు తరగతులుగా విడగొట్టి ఒక్కో దానికి ఒక్కో ప్లాన్ పెట్టుకోండి. అన్నీ ఒకే c కింద కలిపేస్తే చిన్న గీత పడిన మూతా, పగిలిన మూతా ఒకటే అయిపోతాయి.

చివరగా, 132/3 మొదలుపెట్టిన రోజు నుంచి లాట్ పాసైందా ఫెయిలైందా అని మాత్రమే కాదు, ఎన్ని చెడ్డవి దొరికాయో రాసుకోండి. పది లాట్లయ్యేసరికి 1,320 మూతలు చూసి ఉంటారు. సప్లయర్ చెప్పిన 1 శాతం నిజమైతే మొత్తం 13 దగ్గర్లో ఉండాలి. 26, 27 వస్తే ఆయన మామూలు స్థాయే 2 శాతం. అప్పుడు ఆయన లాట్లు నూటికి 27 ఆగుతాయి, ఆ గొడవకి కారణం మీ ప్లాన్ కాదు. 20 దగ్గర వస్తే ఇంకో పది లాట్లు చూసి మాట్లాడండి. అలా కాకుండా ఒకటో రెండో మాత్రమే దొరికాయనుకోండి, ఆయన 0.1 శాతం దగ్గర నడుస్తున్నాడు. అలాంటి సప్లయర్‌కి పట్టికలో మొదటి వరసలో వదిలేసిన 45/0 ప్లాన్ చక్కగా సరిపోతుంది. 0.1 శాతం లాట్ అందులో నూటికి 95 సార్లకు పైగా పాసవుతుంది, 5 శాతం లాట్ మీద మీ రక్షణ అలాగే ఉంటుంది, పని మూడో వంతుకి తగ్గుతుంది. మూడు నెలల తర్వాత ఆ మొత్తం ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి, c ఎంత ఉండాలో మళ్లీ చూద్దాం.